ప్రొజెక్టర్ బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం, స్లైడ్ అంచులు మాయం: ఏది ముందు సరిచేయాలి?

ప్రశ్న: "మా క్లాస్‌రూమ్‌లో ప్రొజెక్టర్ టేబుల్ మీద పెడతాం. బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా పడుతోంది. కీస్టోన్ నొక్కితే చిన్నదైపోతోంది, పెద్దది చేస్తే స్లైడ్‌లో కుడివైపు, కింది వరస కనిపించట్లేదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం అంతా బాగానే ఉంది. ఏం చేయాలి?"

మీ దగ్గర ఒకటి కాదు, రెండు తేడాలున్నాయి. బొమ్మ ఆకారం చెడటం ఒకటి, స్లైడ్ అంచులు తెగడం ఇంకొకటి. మొదటిది ప్రొజెక్టర్ ఎక్కడ, ఎంత వంగి కూర్చుందన్న దాన్నిబట్టి వస్తుంది. రెండోది ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్ దాకా బొమ్మ కొలత మారే చోట వస్తుంది. రెండూ ఒకేసారి కనిపిస్తే ఒకదాన్ని సరిచేయబోయి రెండోదాన్ని పెంచుకుంటాం. కాలేజీ గదుల్లో ప్రొజెక్టర్లు చూసుకునే పని నాది. ఈ ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ నేను ముందు చేసేది ఈ రెంటినీ విడదీయడమే. దానికి రెండు నిమిషాలు చాలు.

ప్రొజెక్టర్ మెనూలో బొమ్మ వంకరని సర్దే కీస్టోన్‌ని సున్నాకి తెచ్చేయండి. ఆటో కీస్టోన్ ఉంటే ఆపేయండి. ఇప్పుడు ల్యాప్‌టాప్ కేబుల్ పీకేయండి. చాలా ప్రొజెక్టర్లు సిగ్నల్ లేనప్పుడు నిండా నీలం రంగు చూపిస్తాయి. మీది నల్లగా ఉండిపోతే మెనూలో టెస్ట్ ప్యాటర్న్ ఏదైనా ఉందేమో చూడండి. ఆ నీలం బొమ్మకి ల్యాప్‌టాప్‌తో సంబంధం లేదు, అది ప్రొజెక్టర్ సొంతం. దాని ఆకారం వంకరగా ఉంటే తప్పు ప్రొజెక్టర్ కూర్చున్న తీరులో ఉంది. నీలం బొమ్మ నాలుగు మూలలూ తెర లోపలే చక్కగా ఉండి, కేబుల్ పెట్టగానే స్లైడ్ అంచులు పోతుంటే తప్పు సిగ్నల్‌లో గానీ, ప్రొజెక్టర్ ఆ సిగ్నల్‌ని సాగదీసే తీరులో గానీ ఉంది. మీ దగ్గర రెండూ కలిసి ఉన్నాయని నా అనుమానం.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. తెర చుట్టూ ఉండే నల్ల అంచు వెలుతురుని మింగేస్తుంది. స్లైడ్ చివరి వరస సరిగ్గా ఆ నల్ల పట్టీ మీద పడితే అసలు కనిపించదు, తెగిపోయినట్టే ఉంటుంది. అందుకే దగ్గరికెళ్లి నల్ల అంచు మీద తెల్ల కాగితం పెట్టి చూడండి. పోయిందనుకున్న అక్షరాలు కాగితం మీద కనిపిస్తే స్లైడ్ తెగలేదు, బొమ్మే తెరకన్నా పెద్దగా ఉందన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్ సెట్టింగులు వెతకడం దండగ.

ఇక ఆకారం సంగతి. ప్రొజెక్టర్‌ని సమంగా, తెరకి ఎదురుగా పెడితే బొమ్మ దీర్ఘచతురస్రంగానే పడుతుంది. ముందు కాలు ఎత్తి పైకి చూపించామంటే, తెర పైభాగానికి వెళ్లే వెలుతురు కింది భాగానికి వెళ్లేదానికన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. దూరం పెరిగే కొద్దీ వెలుతురు విచ్చుకుంటుంది కాబట్టి పైన వెడల్పు, కింద సన్నం. బడిలో చెప్పే సమలంబ చతుర్భుజం ఇదే. కమాను నడినెత్తిన బిగించే రాయి కూడా ఇలాగే పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. ఆ రాయికి ఇంగ్లీషులో ఉన్న పేరే కీస్టోన్. ప్రొజెక్టర్‌ని పక్కకి తిప్పి పెడితే ఎడమ, కుడి అంచుల్లో ఇదే తేడా వస్తుంది. ఏ వైపు అంచు పొడుగ్గా ఉందో ఆ వైపు తెర ప్రొజెక్టర్‌కి దూరంగా ఉందని గుర్తు.

బొమ్మ ఆకారం బాగానే ఉండి మొత్తంగా ఒక పక్కకి ఒరిగినట్టుంటే అది కీస్టోన్ సమస్య కాదు. వెనక కాళ్లలో ఒకటి ఎక్కువ తిరిగి ఉంటుంది. దాన్ని మరలాగా తిప్పితే సరిపోతుంది.

కీస్టోన్ బటన్ చేసే పని ఏమిటో తెలిస్తే మీ బొమ్మ ఎందుకు చిన్నదవుతోందో అర్థమవుతుంది. అది లెన్స్‌ని కదిలించదు. ప్రొజెక్టర్ లోపల బొమ్మ తయారయ్యే చిన్న పలక ఉంటుంది. తెర మీద పైన వెడల్పుగా పడుతోంది కాబట్టి ఆ పలక మీదే బొమ్మ పైభాగాన్ని ముందుగానే నొక్కి సన్నం చేస్తుంది. రెండు వంకరలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని తెర మీద తిన్నగా కనిపిస్తుంది. కానీ పలక మీద పక్కన మిగిలిపోయిన జాగా ఊరకే పోతుంది. కీస్టోన్ బాగా పెట్టిన గదిలో లైట్లు ఆపి చూడండి, బొమ్మకి రెండు పక్కలా చీలికల్లా బూడిద రంగు వెలుతురు కనిపిస్తుంది. ఊరకే పోయిన జాగా అదే. నల్లగా ఉండమని చెప్పినా ప్రొజెక్టర్ నుంచి కొద్దిగా వెలుతురు కారుతూనే ఉంటుంది కాబట్టి ఆ చీలికలు కంటికి ఆనతాయి. పిక్సెళ్లతో పాటు వెలుతురూ పోతుంది. సన్నటి గీతలు, చిన్న అక్షరాలు మసకబారతాయి. గణితం, రసాయన శాస్త్రం చెప్పేవాళ్లకి ఇది గట్టి దెబ్బ. ఘాతాంకాలు, చిన్న సైజు సంఖ్యలు ముందుగా చెడేది ఇక్కడే.

అందుకే నా మాట ఒక్కటే: కీస్టోన్ చివరి పని. ముందు ప్రొజెక్టర్‌ని కదపండి, తర్వాత లెన్స్ జూమ్, ఆ తర్వాత ఫోకస్, అప్పటికీ మిగిలిన కొద్ది వంకరకి మాత్రమే కీస్టోన్.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒక గది గురించి వివరంగా చెప్తాను. తెర వెడల్పు 200 సెంటీమీటర్లు, ఎత్తు 125. వెనక బెంచీలకి కనిపించాలని తెర అడుగు అంచుని నేలకి 150 సెంటీమీటర్ల ఎత్తున ఉంచారు. ప్రొజెక్టర్ తెరకి 3 మీటర్ల దూరంలో మామూలు టేబుల్ మీద ఉంది, లెన్స్ నేలకి 80 సెంటీమీటర్ల ఎత్తులో. పలక 1280×800, అంటే 16:10. దాని త్రో నిష్పత్తి 1.5, అంటే బొమ్మ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దూరం కావాలి. 3 మీటర్లని 1.5తో భాగిస్తే 2 మీటర్లు. లెక్క ప్రకారం దూరం సరిగ్గా ఉంది, తెర నిండాలి.

తేడా అంతా ఎత్తులోనే. ఆ ప్రొజెక్టర్‌ని సమంగా పెడితే బొమ్మ అడుగు అంచు లెన్స్ ఎత్తులోనే పడి, అక్కణ్నుంచి పైకి పరుచుకుంటుంది. టేబుల్ మీద పెట్టే ప్రొజెక్టర్లు చాలావరకు దాదాపు ఇలాగే తయారవుతాయి. ముందున్నవాళ్ల తలలు అడ్డు రాకూడదని అలా చేస్తారు. లెన్స్ 80 దగ్గర, తెర అడుగు 150 దగ్గర. మధ్యలో 70 సెంటీమీటర్లు. ఆ 70 కోసం ముందు కాలు పూర్తిగా దించి, కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టారు. లెక్క కడితే వంపు సుమారు 13 డిగ్రీలు. టేపుతో కొలిచాను: బొమ్మ కింది అంచు 205, పై అంచు 227. తెర 200 మాత్రమే కాబట్టి పైన రెండు పక్కలా 13 సెంటీమీటర్లకి పైగా గోడ మీద పడుతోంది. వంచినందువల్ల బొమ్మ ఎత్తు కూడా 125 నుంచి 146కి సాగింది. ఆ 21 సెంటీమీటర్లు తెర పై అంచు దాటిపోయాయి.

అప్పుడు పాఠం చెప్పే సార్ ఏం చేశారంటే, కీస్టోన్ నొక్కారు. ముందు తప్పు వైపు నొక్కారు, వంకర ఇంకా పెరిగింది. తర్వాత ఇటు వైపు నొక్కుతూ పోయి తిన్నగా తెచ్చారు. మొత్తం బొమ్మ నొక్కుకుపోయి ఆయన కంటికి చిన్నదైంది. చిన్నదైందని రిమోట్ మీద జూమ్ అని రాసున్న బటన్ నొక్కారు. బొమ్మ పెద్దదైంది, స్లైడ్ అంచులు పోయాయి. సరిగ్గా మీరు రాసిన వరసే.

ఆ రిమోట్ జూమ్ బటన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. చాలా ప్రొజెక్టర్లలో జూమ్ అనే పేరుతో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి లెన్స్ చుట్టూ గానీ, పైన చిన్న కిటికీలో గానీ ఉండే రింగు. అది అద్దాల్ని జరిపి మొత్తం బొమ్మని పెద్దదీ చిన్నదీ చేస్తుంది. స్లైడ్‌లో ఏదీ పోదు, పిక్సెల్ ఒక్కటీ తగ్గదు. రెండోది రిమోట్ మీద E-Zoom లేదా D-Zoom అని ఉంటుంది. అది డిజిటల్ జూమ్. ఫోన్‌లో ఫొటోని రెండు వేళ్లతో సాగదీసినట్టు మధ్య భాగాన్ని పెద్దది చేస్తుంది, బొమ్మ చట్రం మారదు కాబట్టి చుట్టూ అంచులు తెగుతాయి. పాఠం మధ్యలో ఒక పటాన్ని దగ్గరగా చూపించడానికి పెట్టిన సౌకర్యం అది, తెరకి బొమ్మ సర్దడానికి కాదు. గుర్తుపట్టడం తేలిక. ఆ బటన్ నొక్కినప్పుడు బొమ్మ బయటి చట్రం గోడ మీద పెరిగితే అది నిజమైన జూమ్. చట్రం అక్కడే ఉండి లోపలి అక్షరాలు మాత్రమే పెరిగితే డిజిటల్. మీరు "పెద్దది చేస్తే" అన్నది ఈ బటన్‌తోనే అయితే మీ రెండో తేడాకి మూలం దొరికినట్టే. Esc గానీ, మైనస్ బటన్ గానీ నొక్కి మామూలు స్థితికి తెండి. చిన్న ప్రొజెక్టర్లు కొన్నింటిలో రింగే ఉండదు. వాటికి బొమ్మ పెద్దది కావాలంటే వెనక్కి జరపడమే, చిన్నది కావాలంటే ముందుకి.

మళ్లీ ఆ గదికి వద్దాం. డిజిటల్ జూమ్ తీసేశాను, కీస్టోన్ సున్నా చేశాను, పుస్తకాలు తీసేసి కాలు మడిచాను. 45 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి బల్లపీట ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టి ప్రొజెక్టర్‌ని దాని మీదికి ఎక్కించాను. ఇక సర్దాల్సిన ఎత్తు 70 నుంచి 25కి తగ్గింది. ముందు కాలు కొద్దిగా దించితే చాలు, వంపు 5 డిగ్రీల లోపే. మళ్లీ కొలిస్తే కింద 201, పైన 208. తేడా 22 నుంచి 7కి వచ్చింది. వెనక బెంచీ నుంచి చూస్తే చాలామంది గుర్తుపట్టరు కూడా. లెన్స్ రింగుతో ఒక పిసరు చిన్నది చేసి, ఫోకస్ సరిచేసి, అప్పుడు కీస్టోన్‌ని కొద్ది మెట్లు మాత్రమే నొక్కాను.

పిక్సెళ్లలో చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి అమరికలో 227 ఉన్న పై అంచుని 205కి నొక్కాలి కాబట్టి, 1280 పిక్సెళ్లలో పట్టాల్సిన పై వరస దాదాపు 1155లోనే పట్టాలి. 125 పోయాయి. ఎత్తులో కూడా అలాగే నొక్కాలి. రెండో అమరికలో పై వరసలో పోయేవి 45 దాకా. మొదటి అమరికలో స్లైడ్ తలకట్టు కింద ఉన్న సన్న గీత ఒకచోట లావుగా, ఒకచోట పలచగా అల అలగా కనిపించింది. రెండోదాంట్లో ఆ గీత తిన్నగా వచ్చింది.

పీట మీదికి ఎక్కించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ప్రొజెక్టర్‌కి గాలి లోపలికి వెళ్లే జాలీ, వేడి బయటికొచ్చే జాలీ ఎక్కడున్నాయో చూసి వాటిని మూయకండి. కొన్నింటికి జాలీ అడుగునే ఉంటుంది కాబట్టి గుడ్డ గానీ మెత్తగా దిగబడేది ఏదీ గానీ కింద పరవకూడదు. రెండోది, పవర్ కేబుల్ పిల్లలు నడిచే దారికి అడ్డంగా వేలాడకూడదు. టేబుల్ మీద ఉన్నప్పుడు కేబుల్ తగిలితే ప్రొజెక్టర్ జరుగుతుంది, పీట మీద ఉన్నప్పుడు తగిలితే కింద పడుతుంది.

ఎత్తు పెంచే వీలు అసలు లేకపోతే తెరని కిందికి దించవచ్చేమో చూడండి. పైనుంచి లాగే తెరలు చాలావాటికి పైభాగంలో అదనపు గుడ్డ ఉంటుంది, ఇంకో జానెడు లాగినా ఏమీ కాదు. తెర 20 సెంటీమీటర్లు దిగితే ప్రొజెక్టర్ 20 ఎక్కినట్టే. ఇంకో పాత పద్ధతి కూడా ఉంది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ల కాలంలో మూడు కాళ్ల తెరలకి పైన చిన్న చెయ్యి లాంటి కడ్డీ ఉండేది. దాన్ని ముందుకి లాగితే తెర పైభాగం ప్రొజెక్టర్ వైపు వాలుతుంది, వెలుతురు తెరకి మళ్లీ నిటారుగా తగులుతుంది, వంకర పోతుంది. పిక్సెల్ ఒక్కటీ నష్టం లేదు. అలాంటి తెర మీ స్టోర్‌రూమ్‌లో ఎక్కడైనా పడి ఉంటే దుమ్ము దులిపి వాడుకోండి.

ఆటో కీస్టోన్ ఎందుకు ఆపమన్నానో కూడా చెప్పాలి. మామూలు ప్రొజెక్టర్లలో అది తెరని చూడదు. తాను ఎంత వంగి ఉందో మాత్రమే లోపలి సెన్సర్‌తో తెలుసుకుని, తెర నిట్టనిలువుగా ఉందని ఊహించుకుని సర్దుతుంది. మీ తెర ముందుకో వెనక్కో వాలి ఉంటే దాని లెక్క తప్పుతుంది. పక్కవైపు వంకర కూడా దానికి తెలియదు. కెమెరాతో తెర అంచుల్ని గుర్తుపట్టే ఖరీదైన రకాలు వేరు.

పక్కవైపు వంకరకి నేను దారం వాడతాను. లెన్స్ దగ్గర ఒక కొస పట్టుకుని తెర ఎడమ కింది మూల దాకా లాగి ముడి వేయండి. అదే ముడి కుడి కింది మూలకి సరిపోవాలి. సరిపోకపోతే లెన్స్ తెర మధ్యకి ఎదురుగా లేదు, టేబుల్‌ని జరపండి. లెన్స్ చాలా ప్రొజెక్టర్లలో మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. కాబట్టి ప్రొజెక్టర్ పెట్టెని కాదు, లెన్స్‌ని మధ్యకి తేవాలి. లెన్స్ మధ్యకి వచ్చాక పెట్టెని తిన్నగా తెర వైపు చూపిస్తే పక్క వంకర పోతుంది.

ఫోకస్‌లో ఒక చిక్కుంది. వంగి ఉన్న ప్రొజెక్టర్‌కి తెర పైభాగం దూరం, కింది భాగం దగ్గర. పైన స్పష్టంగా పెడితే కింద మసక, కింద పెడితే పైన మసక. బొమ్మ మధ్యలో ఉన్న అక్షరాల్ని చూసి పెట్టండి. రెండు చివర్లా మసక మరీ ఎక్కువగా ఉంటే వంపు ఇంకా ఎక్కువే ఉందని అర్థం.

ఆకారం అయింది. ఇప్పుడు కేబుల్ మళ్లీ పెట్టి స్లైడ్ సంగతి చూద్దాం. దీనికి నేను ఒక పరీక్ష స్లైడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటాను. తెల్లటి ఖాళీ స్లైడ్, నాలుగు అంచులకి కాస్త లోపలగా ఒక గీత చట్రం, నాలుగు మూలల్లో 1, 2, 3, 4 అంకెలు, మధ్యలో Shift నొక్కి పట్టుకుని గీసిన గుండ్రటి వృత్తం. అంకెల్లో ఏది లేకపోతే ఆ మూల తెగింది. వృత్తం గుడ్డులా కనిపిస్తే బొమ్మ ఎటో సాగింది. చట్రం వంకరగా ఉంటే ఆకారం ఇంకా సరిపోలేదు. తెల్ల నేపథ్యం కావాలనే పెడతాను, దాని కారణం కాసేపట్లో చెప్తాను.

కంప్యూటర్ వైపు Win+P నొక్కి Duplicate ఎంచుకుంటే ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ రెండూ ఒకే రిజల్యూషన్‌కి ఒప్పుకోవాలి. ల్యాప్‌టాప్‌ది 1920×1080, ప్రొజెక్టర్‌ది 1280×800 అనుకోండి, ఎవరో ఒకరు సర్దుకోవాలి. ఇక్కడే అంచులు పోవడమో, సాగడమో జరుగుతుంది. పాఠం కోసం నేను Extend వాడమంటాను. అప్పుడు Settings > System > Display లోకి వెళ్లి, పైన కనిపించే రెండు పెట్టెల్లో ప్రొజెక్టర్‌ది నొక్కి, Display resolution దగ్గర ప్రొజెక్టర్ అసలు కొలతనే పెట్టవచ్చు. ల్యాప్‌టాప్ స్క్రీన్ తన కొలతలో తానుంటుంది. ప్రొజెక్టర్ అసలు కొలత దాని పుస్తకంలో Native Resolution అని ఉంటుంది. పెట్టె మీద పెద్దగా రాసినది ప్రతిసారీ అసలు కొలతే కానక్కర్లేదు, అది తీసుకోగలిగిన గరిష్ఠ సిగ్నల్ కావచ్చు.

కుడివైపు మాత్రమే తెగుతోంది, కేబుల్ పాత VGA అయితే కారణం దాదాపు చెప్పేయొచ్చు. 1366×768 ల్యాప్‌టాప్ సిగ్నల్‌ని కొన్ని ప్రొజెక్టర్లు ఇంకో దగ్గరి కొలతగా, ఉదాహరణకి 1280×768గా, పొరబడతాయి. కుడి చివర మిగిలింది చూపించవు. రిజల్యూషన్ 1280×800కో, 1024×768కో మార్చి చూడండి. రిమోట్ మీద Auto అనే బటన్ నొక్కినా చాలాసార్లు సర్దుకుంటుంది, కానీ అది బొమ్మ అంచు ఎక్కడుందో వెలుతురుని బట్టి వెతుకుతుంది. నల్ల నేపథ్యం ఉన్న స్లైడ్ చూపిస్తూ ఆ బటన్ నొక్కితే దానికి అంచు దొరకదు, బొమ్మని పక్కకి నెట్టేస్తుంది. తెల్ల స్లైడ్ పెట్టి నొక్కమనేది ఇందుకే.

HDMI అయితే, నాలుగు పక్కలా సమానంగా కొద్దికొద్దిగా తెగుతుంటే అది ఓవర్‌స్కాన్. ప్రొజెక్టర్ మీ సిగ్నల్‌ని టీవీ వీడియో అనుకుని అంచుల్ని దాచేస్తుంది. మెనూలో Overscan ఉంటే Off గానీ 0 గానీ చేయండి. అక్కడే Aspect అని ఇంకోటి ఉంటుంది. అది Zoom మీద ఉంటే అంచులు తెగుతాయి, Full మీద ఉంటే వృత్తం గుడ్డవుతుంది. Auto లేదా Normal మీద ఉంచండి.

చివరగా స్లైడ్ నిష్పత్తి. పవర్‌పాయింట్ 2013 నుంచి కొత్త స్లైడ్ 16:9లో తెరుచుకుంటుంది, 13.333 × 7.5 అంగుళాలు. 16:10 ప్రొజెక్టర్ మీద అది 1280×720 తీసుకుంటుంది, పైన 40, కింద 40 వరసలు నల్లగా మిగులుతాయి. ఇది తప్పు కాదు, దీని కోసం ఏమీ మార్చకండి. పాత 1024×768 ప్రొజెక్టర్ 4:3. దాని మీద 16:9 స్లైడ్ 1024×576 మాత్రమే వాడుకుంటుంది, ఎత్తులో పావు వంతు వృథా. అప్పుడు మార్చడం ఆలోచించాలి. పవర్‌పాయింట్‌లో Design > Slide Size > Standard (4:3). గూగుల్ స్లైడ్స్‌లో File > Page setup.

మార్చేటప్పుడు పవర్‌పాయింట్ Maximize, Ensure Fit అని అడుగుతుంది. Maximize ఎంచుకుంటే పక్కనున్న రాత స్లైడ్ బయటికి పోతుంది. ప్రొజెక్టర్ తెంచాల్సినదాన్ని మీరే తెంచుకున్నట్టు. Ensure Fit ఎంచుకుంటే అన్నీ చిన్నవై పైనా కిందా ఖాళీ మిగులుతుంది. అలాగే వదిలేస్తే అక్షరాల సైజు నల్ల పట్టీలున్నప్పుడు ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే, లాభమేమీ లేదు. 4:3కి మార్చాక ఆ ఖాళీలోకి అక్షరాలు పెంచి, పటాల్ని సర్దుకునే ఓపిక ఉంటేనే మార్చండి, అదీ ఫైలు కాపీ మీద. ఆ ఓపిక లేకపోతే 16:9లోనే ఉంచి, నల్ల పట్టీలతోనే చూపించండి.

ప్రొజెక్టర్ సీలింగ్‌కి బిగించి ఉన్నవాళ్లకి కూడా లెక్క ఇదే, తలకిందులుగా. సమంగా వేలాడితే బొమ్మ లెన్స్ నుంచి కిందికి పరుచుకుంటుంది. కిందికి వంచితే కింద వెడల్పవుతుంది. బ్రాకెట్ మర వదులై కొన్ని నెలల్లో ముక్కు కిందికి వాలడం మామూలే. బిగించినవాళ్లని పిలిపించి మర సరిచేయించండి, ప్రతి వారం కీస్టోన్ రెండేసి మెట్లు పెంచుకుంటూ పోకండి.

మొత్తం సర్దాక టేపు తీసుకుని బొమ్మ నాలుగు అంచులు, రెండు కర్ణాలు కొలవండి. పై, కింది అంచులు సమానం, ఎడమ, కుడి అంచులు సమానం, కర్ణాలు సమానం అయితే చట్రం తిన్నగా ఉన్నట్టే. తెర వెడల్పుకి ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉన్నా పర్వాలేదు, ఆ నల్ల అంచు ఉన్నదే దాన్ని మింగడానికి. అప్పుడు టేబుల్ నాలుగు కాళ్ల చుట్టూ నేల మీద, ప్రొజెక్టర్ కాళ్ల చుట్టూ పీట మీద రంగు టేపు ముక్కలు అంటించండి. కీస్టోన్ అంకె ఎంత పెట్టారో ఒక చీటీ మీద రాసి ప్రొజెక్టర్ పక్కన అతికించండి. ఆ గదిలో నేను అతికించిన చీటీలో కీస్టోన్ అంకెతో పాటు ఇంకో వాక్యం కూడా ఉంది: "బొమ్మ చిన్నగా ఉంటే రిమోట్ జూమ్ నొక్కకండి, లెన్స్ రింగు తిప్పండి."